మీరు ఆపేసిన మాత్ర, ఆపని మాత్ర

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 39 ఏళ్ళు. గుంటూరులో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. మావారు విజయవాడ ఆటోనగర్‌లో పనికి రోజూ బండి మీద వెళ్ళొస్తారు. ఏడాదిగా రాత్రి తొమ్మిది దాటినా ఆయన రాకపోతే గుండె దడ, చేతుల వణుకు, మళ్ళీ మళ్ళీ ఫోన్ చేస్తూనే ఉంటాను. ఆయన వచ్చాక పాప చదువు గురించి బెంగ, అది కాకపోతే అత్తయ్య షుగర్ గురించి. నిద్ర సరిగా లేదు, కొలతలు తప్పుతున్నాను. ఈసీజీ, థైరాయిడ్, రక్తం అన్నీ బాగున్నాయన్నారు. నాలుగు నెలలుగా రాత్రి ఆల్ప్రజోలామ్ 0.25 వేసుకుంటున్నాను, ఈమధ్య పొద్దున కూడా వేసుకోవాల్సి వస్తోంది. మానసిక వైద్యులు ఎస్సిటాలోప్రామ్ 10 రాశారు. నాలుగు రోజులకే వికారం వచ్చింది, దడ ఇంకా పెరిగింది. "అలవాటైతే జన్మలో వదలవు" అని పక్కింటి పిన్నిగారు అనేసరికి అది ఆపేశాను. నాది జబ్బా, స్వభావమా? మాటలతో తగ్గే వైద్యం ఉందంటున్నారు, నిజమేనా?

జవాబు: అమ్మా, మిగతావి చదివే ముందు ఒక్క విషయం. పిన్నిగారి మాటకు భయపడి ఈ రాత్రి ఆల్ప్రజోలామ్ కూడా ఒక్కసారిగా మానేయకండి. నాలుగు నెలలు వరసగా వేసుకున్నాక దాన్ని ఉన్నట్టుండి ఆపితే వణుకు, చెమటలు, రెండు మూడు రోజులు బొత్తిగా నిద్ర లేకపోవడం, కొందరికి ఫిట్స్ కూడా రావచ్చు. మీరు వేసుకునే మోతాదు చిన్నదే. అయినా దాన్ని తగ్గించే పని మీ డాక్టర్‌తో కలిసి, మెల్లగా జరగాలి. అలవాటు కాని మాత్రను మీరు ఆపేశారు. అలవాటయ్యేదాన్ని కొనసాగిస్తున్నారు. మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఇదే, అందుకే మాత్రల గురించి కాస్త ఎక్కువగా రాస్తాను.

ముందు జబ్బా, స్వభావమా అన్నది. మామూలు దిగులుకి ఒక కారణం ఉంటుంది, ఒక ముగింపు ఉంటుంది. ఫీజు కట్టాల్సిన తారీకు దగ్గరపడితే టెన్షన్, కట్టేశాక నిద్ర పడుతుంది. మీ విషయంలో ఆయన క్షేమంగా ఇంటికొచ్చినా ఊరట పది నిమిషాలే. వెంటనే పాప చదువు, ఆ తర్వాత అత్తయ్య షుగర్. బెంగ ముందు పుట్టి, అది కూర్చోడానికి ఓ కారణాన్ని వెతుక్కుంటోందన్నమాట. ఇలా రకరకాల విషయాల మీద అదుపు లేని ఆందోళన ఆరు నెలలకు పైగా, రోజుల్లో ఎక్కువ రోజులు ఉండి, దానితోపాటు నిద్ర చెడటం, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, త్వరగా అలసిపోవడం, ధ్యాస కుదరకపోవడం, చిరాకు, స్థిమితం లేకపోవడం వీటిలో కనీసం మూడు ఉంటే, రోజువారీ పని కూడా దెబ్బతింటుంటే, దాన్ని మేము జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటాం. కొలతలు తప్పుతున్నానని మీరు రాసిన మాట ఇక్కడ చాలా ముఖ్యం. మనిషి ఎంత భయపడుతోందన్న దానికన్నా, ఆ భయం ఆమె చేతిలోని కత్తెర దాకా వచ్చిందా లేదా అన్నది నాకు ఎక్కువ చెబుతుంది.

థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా, గుండె లయ తప్పినా ఇలాంటి దడే వస్తుంది. అవి చూపించుకోవడం మంచి పని. అవి బాగున్నాయి కాబట్టి మళ్ళీ మళ్ళీ ఈసీజీ తీయించుకోవాల్సిన అవసరం లేదు. రోజుకి ఎన్ని టీలు తాగుతున్నారో మాత్రం లెక్క చూడండి. ఐదారు ఉంటే వాటిని రెండుకి దించండి, సాయంత్రం తర్వాత అసలు వద్దు.

ఇక మాత్రలు. మన ఊళ్ళో ఈ రెండు రకాలనూ కలిపి "నరాల బిళ్ళలు" అనేస్తారు, "నిద్రమాత్రలు" అనీ అంటారు. ఇవి అసలు ఒక జాతివే కావు.

మెదడులో గాబా అనే రసాయనం బండికి బ్రేకు లాంటిది. ఆల్ప్రజోలామ్ ఆ బ్రేకును ఇంకాస్త గట్టిగా నొక్కుతుంది. డయాజెపామ్, లోరాజెపామ్, క్లోనజెపామ్ దీని అన్నదమ్ములే. వేసుకున్న అరగంట, గంటలో ఒళ్ళు వదులై దడ తగ్గుతుంది. అంత త్వరగా పనిచేస్తుంది కాబట్టే మనసు దానికి అతుక్కుంటుంది. ఆల్ప్రజోలామ్‌లో సగం పదకొండు గంటల్లో ఒంట్లోంచి పోతుంది. రాత్రి తొమ్మిదిన్నరకు వేసుకుంటే పొద్దున్న ఎనిమిదయ్యేసరికి మందు బాగా పలచబడుతుంది. ఈలోగా నాలుగు నెలలుగా నొక్కి ఉన్న బ్రేకుకు మెదడు అలవాటుపడి, తనవైపు నుంచి యాక్సిలరేటర్ పెంచుకుని కూర్చుంది. మందు తగ్గగానే ఆ వేగం బయటపడుతుంది. మీకు "పొద్దున కూడా" మాత్ర కావాల్సి రావడానికి చాలావరకు కారణం ఇదే. జబ్బు ముదిరిందనుకుని మీరు భయపడి ఉంటారు. అది ఎక్కువగా రాత్రి మాత్ర దిగిపోతున్న గుర్తు. ఇందుకే ఈ మందుల్ని సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు, అదీ బాగా ఇబ్బందిగా ఉన్న రోజుల్లోనే వాడమంటాం. మన దేశంలో ఆల్ప్రజోలామ్ షెడ్యూల్ హెచ్1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదు, అమ్మినప్పుడు మందుల షాపువాళ్ళు రిజిస్టర్‌లో రాయాలి. పాత చీటీ చూపించి, లేదా తెలిసినవాళ్ళ షాపులో ఊరికే తెచ్చుకుంటున్నట్టయితే, ఆ సంగతి దాచకుండా మీ డాక్టర్‌కి చెప్పండి. మీరు అసలు ఎంత వేసుకుంటున్నారో తెలియకపోతే ఆయన తగ్గించే లెక్క తప్పుతుంది.

ఎస్సిటాలోప్రామ్ దారి వేరు. ఇది ఎస్ఎస్ఆర్ఐ అనే కుటుంబంలోది. సెర్ట్రలీన్, ఫ్లూఆక్సెటీన్, పారోక్సెటీన్ కూడా వీటిలోనివే. నరాల కణాలు సెరటోనిన్ అనే రసాయనాన్ని వదిలి, పని కాగానే మళ్ళీ లోపలికి లాక్కుంటాయి. ఈ మందు ఆ లాక్కోవడాన్ని అడ్డుకుంటుంది. అడ్డుకోవడం మొదటిరోజే మొదలవుతుంది. కానీ ఆందోళన పుట్టించే మెదడు భాగాలు ఆ మార్పుకి సర్దుకోవడానికి వారాలు పడుతుంది. సాధారణంగా రెండో వారం నుంచి నాలుగో వారంలోపు మొదటి తేడా తెలుస్తుంది, పూర్తి ఫలితానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, కొందరికి పన్నెండు. "మీ మెదడులో సెరటోనిన్ తక్కువైంది" అని ఎవరైనా చెబితే నమ్మకండి. అలా కొలిచి చెప్పే రక్త పరీక్ష లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. అదే మీకు ఎదురైంది. మంచి మొదలవకముందే ఇబ్బందులు మొదలవుతాయి. మొదటి వారం, పది రోజుల్లో వికారం, తలనొప్పి, విరేచనాలు, కొందరికి దడ, అస్థిమితం పెరగడం మామూలే. ఆందోళన జబ్బు ఉన్నవాళ్ళకు ఇది ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది, ఎందుకంటే వాళ్ళు ఒంట్లో జరిగే ప్రతి చిన్న మార్పునూ గమనిస్తూ ఉంటారు. అందుకే చాలామంది డాక్టర్లు ఇలాంటి వాళ్ళకు ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, వారం తర్వాత 10 చేస్తారు. టిఫిన్ తిన్నాక పొద్దున వేసుకోమంటారు. మీకు నేరుగా 10 రాయడం తప్పేమీ కాదు, అది మామూలు మోతాదే. కానీ "నాలుగో రోజుకి ఇలా అయింది, సగంతో మొదలుపెడితే కుదురుతుందా" అని మీరు అడగొచ్చు, అడగాలి కూడా. నాలుగు రోజులు వేసుకుని ఆపినందువల్ల మీకేమీ నష్టం జరగలేదు. ఇది మీకు పడని మందు అనడానికి కూడా నాలుగు రోజులు చాలవు.

పిన్నిగారి మాటలో కొంత నిజం లేకపోలేదు. ఎస్ఎస్ఆర్ఐని కొన్ని నెలలు వాడి ఠక్కున ఆపితే కళ్ళు తిరగడం, చిరాకు, తలలో చిన్నగా కరెంటు కొట్టినట్టు అనిపించడం వస్తాయి. అందుకే వీటిని కూడా వారాల మీద, ఒక్కోసారి నెలల మీద, తగ్గించుకుంటూ ఆపుతాం. అయితే అలవాటుపడటం అంటే అది కాదు. ఎస్సిటాలోప్రామ్ ఎప్పుడు వేసుకుందామా అని మనసు లాగదు. ఒకటి చాలక రెండు కావాలనిపించదు. వేసుకున్న అరగంటకు హాయిగానూ ఉండదు. బాగుపడ్డాక ఆరు నెలల నుంచి ఏడాది దాకా కొనసాగించి ఆపడం సాధారణ పద్ధతి. జన్మంతా కాదు.

వీలైతే పిన్నిగారిని వాళ్ళింట్లో వాడిన పాత మందు అట్ట చూపించమనండి. నాకో అనుమానం. మన దగ్గర ఎస్సిటాలోప్రామ్, క్లోనజెపామ్ రెండూ కలిపిన ఒకే మాత్ర ఎక్కువగా అమ్ముడవుతుంది. అట్ట మీద పెద్ద అక్షరాల్లో కంపెనీ పెట్టిన పేరుంటుంది, లోపలి మందుల పేర్లు చిన్న అక్షరాల్లో ఉంటాయి. అలాంటిది ఏళ్ళ తరబడి వాడినవాళ్ళు "ఎస్సిటాలోప్రామ్ వదల్లేకపోతున్నాం" అని చెబుతారు. వాళ్ళను వదలనిది అందులోని క్లోనజెపామ్. ఇలాంటి అట్టలు చేతిలో పట్టుకుని వచ్చి, ఇందులో రెండు మందులున్నాయని నేను చెబితే ఆశ్చర్యపోయినవాళ్ళను చాలామందిని చూశాను. మీకు రాసిన మాత్ర అట్ట కూడా ఒకసారి వెనక్కి తిప్పి చదవండి.

మీ డాక్టర్ ఏం చేయవచ్చో చెబుతాను, వెళ్ళినప్పుడు అర్థం కావడానికి. ముందు ఎస్సిటాలోప్రామ్‌ను చిన్న మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టి, అది పట్టు దొరికించుకునేదాకా ఆల్ప్రజోలామ్‌ను ఉన్నచోటే, రోజూ ఒకే వేళకు ఉంచుతారు. నాలుగైదు వారాల తర్వాత ఆల్ప్రజోలామ్‌ను రెండు వారాలకోసారి కొద్దికొద్దిగా, మొత్తంలో పదో వంతు నుంచి నాలుగో వంతు దాకా, తగ్గిస్తారు. కొందరు డాక్టర్లు ఒంట్లో ఎక్కువసేపు నిలిచే మందుకు మార్చి అప్పుడు తగ్గిస్తారు. ఏ దారైనా సరే. తొందరపడితే మళ్ళీ మొదటికొస్తారు. ఈ రోజుల్లో నొప్పులకు ట్రమడాల్ ఉన్న మాత్ర గానీ, తరచూ ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ గానీ వేసుకుంటుంటే తప్పకుండా చెప్పండి. మొదటిదాన్ని ఎస్సిటాలోప్రామ్‌తో కలిపితే సెరటోనిన్ మితిమీరే ప్రమాదం ఉంది, మిగతావాటితో కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి నిద్ర అవసరం లేకుండా విపరీతమైన ఉత్సాహం వచ్చిన రోజులుంటే అదీ చెప్పండి. ఈ మందు వల్ల దాంపత్య కోరిక తగ్గడం కూడా చాలామందికి ఉంటుంది. ఆడవాళ్ళు ఇది డాక్టర్‌తో చెప్పడానికి మొహమాటపడి మందే మానేస్తుంటారు. చెబితే మోతాదో మందో మార్చడానికి వీలుంటుంది.

ఇప్పుడు మాటలతో చేసే వైద్యం. నిజమే, ఉంది. పేరు కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, పొట్టిగా సీబీటీ. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు దీని మూల రూపాన్ని తయారుచేశారు. ఊరడించడం, ధైర్యం చెప్పడం ఇందులో పని కాదు. "ఏమీ కాదులే" అని మీవాళ్ళు ఇప్పటికే వెయ్యిసార్లు అని ఉంటారు, దానివల్ల తగ్గి ఉంటే నాకు ఉత్తరం రాసేవారు కాదు. ఇందులో మీ ఆలోచనను ఓ అనుమానంగా కాగితం మీద పెట్టి, అది నిజమో కాదో పరీక్షిస్తారు.

ఒకావిడ సంగతి చెబుతాను, గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఆవిడది విజయవాడ. కొడుకు ఉద్యోగం తెనాలిలో, రోజూ రైల్లో రాకపోకలు. రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో ఉండాలి. ఎనిమిది నలభైకి ఆవిడకు మనసులో ఒక బొమ్మ కనిపించేది, రైలు దిగుతూ కాలు జారి పడిపోయిన కొడుకు. వెంటనే ఫోన్. ఎత్తకపోతే మళ్ళీ, మళ్ళీ, ఏడెనిమిదిసార్లు. తర్వాత వాడి స్నేహితుడికి. తర్వాత వీధి చివరిదాకా నడక. వాడు వస్తే కోపం, ఏడుపు, పావుగంట ప్రశాంతత.

మొదటి మూడు వారాలు ఆవిడతో రాయించాం, అంతే. ఎన్నింటికి దడ మొదలైంది, మనసులో ఏ మాట మెదిలింది, దాన్ని నూటికి ఎంత నమ్మింది, ఏం చేసింది, చివరికి ఏం జరిగింది. ఇరవై ఒక్క సాయంత్రాల్లో తొమ్మిదిసార్లు ఆ బొమ్మ వచ్చింది. ప్రతిసారీ నమ్మకం నూటికి ఎనభై పైనే. జరిగినవి చూస్తే సిగ్నల్ దగ్గర రైలు ఆగడం, చార్జింగ్ అయిపోవడం, స్టేషన్ బయట స్నేహితులతో టీ. ఒక్కరోజు మాత్రం వాడికి నిజంగానే జ్వరం వచ్చి, స్టేషన్‌లో కళ్ళు తిరిగి కూర్చుండిపోతే తోటి ఉద్యోగి ఆటోలో దింపాడు. ఆ రోజు గురించి ఆవిడ మెల్లగా, సిగ్గుపడుతూ చెప్పింది, తన భయమే నిజమైందని. అసలు పాఠం ఆ రోజులోనే ఉంది. ఆ రాత్రి ఏం చేశారని అడిగాను. తడిగుడ్డ వేసి, జ్వరం మాత్ర ఇచ్చి, పొద్దున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. చేతులు వణకలేదట. ఆందోళన రెండు లెక్కలు తప్పుగా వేస్తుంది. ప్రమాదాన్ని పెంచి చూపిస్తుంది, మన శక్తిని తగ్గించి చూపిస్తుంది. మొదటి తప్పును అందరూ చూస్తారు. ఆవిడ కుదురుకోవడానికి ఎక్కువగా ఉపయోగపడింది రెండోదాన్ని సరిచూసుకోవడం.

తర్వాత అసలు పని. ఫోన్ చేయడం చూడ్డానికి పరిష్కారంలా ఉంటుంది గానీ, జబ్బును బతికించేది అదే. ఎనిమిదిసార్లు ఫోన్ చేశాక కొడుకు వచ్చాడు కాబట్టి, "ఫోన్ చేశాను కాబట్టి క్షేమం" అని మెదడు రాసుకుంటుంది. చేయకపోయినా వచ్చేవాడన్న సంగతి నేర్చుకునే అవకాశమే దానికి దొరకదు. అందుకని మొదటి వారం తొమ్మిదిన్నరలోపు ఒక్క ఫోనే. రెండో వారం తొమ్మిదింపావు దాకా ఫోన్ వద్దు, తర్వాత ఒక్కటి. నాలుగో వారానికి తొమ్మిదిన్నర దాకా అసలు ఫోన్ వద్దు, స్నేహితుడికి చేయడం, వీధిలోకి వెళ్ళడం పూర్తిగా బంద్. కొడుకుతోనూ మాట్లాడి ఒప్పందం చేసుకున్నాం, బాగా ఆలస్యమైతే తనే ఒక మెసేజ్ పెడతాడు, ఆవిడ అడిగే "బాగానే ఉన్నావా"లకు పదేపదే జవాబివ్వడు. మొదటి రాత్రి ఆవిడ దడ నూటికి ఎనభై ఐదు. ఇరవై నిమిషాలకు డెబ్బై, ముప్పావుగంటకు నలభై. అన్ని రాత్రులూ ఇలా చక్కగా దిగలేదు. ఒకరోజు తట్టుకోలేక నాలుగుసార్లు ఫోన్ చేసింది, అదీ రాసింది. ఆరో వారానికి ఆ బొమ్మ వస్తున్నా, నమ్మకం ముప్పైకి పడిపోయింది.

మీ రాత్రి తొమ్మిదికి ఇది సరిగ్గా సరిపోతుంది. పైగా వారధి మీద బండి నడుపుతున్న మనిషికి జేబులో ఫోన్ ఆగకుండా మోగితే అదే ప్రమాదం. మావారు క్షేమంగా ఉన్నారని నూటికి నూరుపాళ్ళు తెలియాలి అన్నది మీ మనసు అడిగే బేరం. ఆ బేరం ఎవరికీ కుదరదు, కుదరకుండానే రోడ్డు మీద అందరం తిరుగుతున్నాం. సీబీటీ ఆ హామీ ఇవ్వదు, హామీ లేకుండా కత్తెర పట్టుకోవడం నేర్పుతుంది.

ఇక్కడే మాత్రల సంగతి మళ్ళీ వస్తుంది. తొమ్మిదిన్నరకు ఆల్ప్రజోలామ్ వేసుకుని, అప్పుడు ఫోన్ చేయకుండా కూర్చుంటే ఆ సాయంత్రం నేర్చిన పాఠమంతా మాత్ర ఖాతాలో పడుతుంది. "నేను తట్టుకున్నాను" అని మెదడు రాసుకోదు, "మాత్ర తట్టుకుంది" అని రాసుకుంటుంది. ఎస్సిటాలోప్రామ్‌తో ఈ చిక్కు చాలా తక్కువ. అది ఆ క్షణంలో దడను ఆర్పదు, మొత్తం మీద మంట ఎత్తును తగ్గిస్తుంది, ఆ తగ్గిన మంటలో మీరు సాధన చేయగలరు. సీబీటీ ఒక్కటే చాలినవాళ్ళూ ఉన్నారు, మందు ఒక్కటే చాలినవాళ్ళూ ఉన్నారు. మీకు ఏడాదిగా ఉంది, పని దెబ్బతింటోంది, ఆల్ప్రజోలామ్ నుంచి బయటపడాల్సిన పని కూడా ఉంది. కాబట్టి రెండూ కలిపి చేయమంటాను.

సీబీటీకి సాధారణంగా పన్నెండు నుంచి పదహారు సిటింగులు, ఒక్కోటి ముప్పావుగంట. దీన్ని శిక్షణ ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు చేస్తారు. గుంటూరు జీజీహెచ్‌లో, విజయవాడ జీజీహెచ్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి, అక్కడ అడగండి. రద్దీ వల్ల మాట్లాడే సమయం తక్కువ దొరకొచ్చు, అందుకే రాయడం మీరు ముందే మొదలుపెట్టండి. ఎవరి దగ్గరికి వెళ్ళినా రెండు గుర్తులు చూసుకోండి. ఇంటి దగ్గర చేయాల్సిన పని ఇస్తున్నారా, వచ్చే వారం ఆ కాగితం చూస్తున్నారా. ఆ రెండూ లేకుండా ప్రతిసారీ కబుర్లు, ధైర్యవచనాలతో సరిపెడితే అది ఈ వైద్యం కాదు. ఆసుపత్రి దాకా వెళ్ళలేని రోజు, లేదా రాత్రివేళ మనసు మరీ అదుపు తప్పితే, టెలి మానస్ నంబరు 14416. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మందు మళ్ళీ మొదలుపెట్టాక నిలువనీయని అస్థిమితం గానీ, చనిపోవాలన్న ఆలోచన గానీ వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు డాక్టర్‌ని కలవండి.

ఈ రాత్రి పాప నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసుకుని ఐదు గళ్ళు గీయండి. సమయం, మనసులో మెదిలిన మాట, నూటికి ఎంత నమ్మాను, ఏం చేశాను, చివరికి ఏం జరిగింది. ఫోన్లు తగ్గించాలని ఇప్పుడే ప్రయత్నించకండి, రాయడమే చాలు. పక్కనే మాత్రలు వేసుకున్న వేళలు కూడా రాయండి. రెండు వారాల తర్వాత ఆ కాగితాన్ని, రెండు మాత్రల అట్టల్ని పట్టుకుని మీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. మీవారిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. ఒప్పందంలో ఆయన పాత్రా ఉంది.